వార్షికోత్సవం కార్డు మీద ఏముండాలి? కుర్చీల లెక్క తేలాకే టికెట్టు

గరిడేపల్లి: సంక్రాంతి పండుగ వెళ్లి యాసంగి నాట్లు ఒక కొలిక్కి వచ్చేసరికి పల్లెల్లో బడుల వార్షికోత్సవాల సందడి మొదలవుతుంది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడకముందే ముగించాలన్న తొందరలో చాలా బడులు ఫిబ్రవరి నెలనే ఎంచుకొంటాయి. పిల్లలు పాటలు నేర్చుకొంటారు, తల్లులు కొత్త బట్టలు కుట్టిస్తారు, ఉపాధ్యాయులు మైకు సెట్టుకు, షామియానాకు బయానా ఇచ్చి వస్తారు. ఈ హడావుడిలో అందరికంటే ఆలస్యంగా, అన్నింటికంటే తక్కువ శ్రద్ధతో తయారయ్యేది ఒక్కటే. అది లోపలికి రానిచ్చే కార్డు.

బడి పండుగకు కార్డు ఏమిటి, మన ఊరి బడికి మనం పోవడానికి టికెట్టు ఏమిటి అని పల్లెల్లో పలువురు నొచ్చుకొంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఈ కార్డు డబ్బు కోసం పెట్టేది కాదు. లోపల ఎన్ని కుర్చీలు ఉన్నాయో అంతమందే లోపల ఉండేటట్లు చూడడానికి పెట్టేది. కార్డుకు ధర పెట్టినా, ఉచితంగా ఇచ్చినా ఈ నియమం ఒక్కటే. కుర్చీల లెక్క చూడకుండా అచ్చు వేయించిన కార్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పూర్వం పల్లెలకు టూరింగు టాకీసు వచ్చినప్పుడు నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు అని మూడు రకాలు ఉండేవి. కుర్చీకి లెక్క ఉండేది, బెంచీకి కొంత లెక్క ఉండేది, నేలకు లెక్కే లేదు. సర్దుకొని కూర్చోండి అంటే జనం సర్దుకొనేవారు. సురభి వారు డేరా వేసి నాటకాలు ఆడిన ఊళ్లలోనూ టికెట్టు కొని చూడడం పెద్దవాళ్లకు అలవాటే. కనుక టికెట్టు అన్న మాట మనకు కొత్త కాదు. నేల టికెట్టు పద్ధతిలో బడి పండుగ చేయడం మాత్రం ప్రమాదం. అది ఎంత ప్రమాదమో దేశం ఒకసారి చూసింది.

డబ్‌వాలీలో జరిగింది

1995 డిసెంబరు 23న హర్యానా రాష్ట్రం సిర్సా జిల్లాలోని మండీ డబ్‌వాలీ అనే పట్టణంలో డి.ఎ.వి. పాఠశాల వార్షికోత్సవం జరిగింది. రాజీవ్ మ్యారేజ్ ప్యాలెస్ అనే పెళ్లిళ్ల ఆవరణలో షామియానా వేశారు. పిల్లలు, తల్లిదండ్రులు, అతిథులు కలిసి వెయ్యి మందికి పైగా లోపల ఉన్నారు. మధ్యాహ్నం వేళ విద్యుత్తు తీగల వద్ద పుట్టిన మంట షామియానా గుడ్డకు అంటుకొంది. అది నూలు గుడ్డ కాదు, నిప్పు తగిలితే కరిగి కారిపోయే కృత్రిమ దారపు గుడ్డ. మంట పైకప్పు అంతా పాకి, కరిగిన ముద్దలు కింద కూర్చున్నవారి మీద పడ్డాయి. జనం అందరూ ఉన్న ఒక్క దారి వైపే పరుగెత్తారు. నిమిషాల వ్యవధిలో 442 మంది మరణించారు. వారిలో సగానికి పైగా పిల్లలే.

ఆ కేసు చాలా ఏండ్లు నడిచింది. 2009లో పంజాబ్ – హర్యానా హైకోర్టు బాధితులకు పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ భారాన్ని పాఠశాల యాజమాన్యం, ప్రభుత్వం కలిసి భరించాలని పేర్కొంది. అంటే షామియానా అద్దెకు తెచ్చాం, స్థలం వేరేవాళ్లది అని చెప్పి బడివారు తప్పించుకోవడానికి వీలు లేదన్నమాట. పిలిచినవారిదే బాధ్యత.

మరో ఘటన 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో జరిగింది. అక్కడ 59 మంది ఊపిరాడక చనిపోయారు. అది షామియానా కాదు, గట్టి భవనం. అయినా బాల్కనీలో అదనంగా కుర్చీలు వేసి ఒక పక్క దారి మూసివేయడం, ఒక తలుపుకు గడియ వేసి ఉండడం ప్రాణాల మీదికి తెచ్చాయి. మంట కంటే మూసిన దారే ఎక్కువ మందిని చంపింది. ఈ రెండు ఘటనల నుంచి ఊరి బడి నేర్చుకోవలసినవి మూడు. జనం సంఖ్య ముందే తెలిసి ఉండాలి. కుర్చీల మధ్య దారి మూయరాదు. తలుపుకు తాళం వేయరాదు. ఈ మూడింటినీ కాపాడే సాధనమే చేతిలోని కార్డు.

లెక్క ఎట్లా వేయాలి

సూర్యాపేట జిల్లాలో మామూలుగా కనిపించే ఒక బడిని ఉదాహరణగా తీసుకొందాం. ఒకటి నుంచి పదో తరగతి వరకు 240 మంది పిల్లలు ఉన్నారనుకొందాం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే బడిలో ఉంటారు గనుక ఇండ్లు 165 మాత్రమే. బడి ఆవరణలో 60 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు షామియానా పడుతుంది. ఇంటికి రెండు కార్డులు ఇస్తే 330, సరిపోతుందిలే అని ప్రధానోపాధ్యాయుడు అనుకొంటాడు. చాలా చోట్ల లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. ఇక్కడి నుంచే అసలు లెక్క మొదలు కావాలి.

తాత్కాలిక పందిళ్లలో అగ్ని ప్రమాద నివారణకు భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 8758 అనే నియమావళి ఉంది. పందిరికి కృత్రిమ గుడ్డ, కృత్రిమ తాళ్లు వాడరాదని, పైకప్పు 3 మీటర్లకు అంటే సుమారు 10 అడుగులకు తగ్గరాదని అది చెబుతుంది. కుర్చీల వరుస ఎడతెగకుండా సాగిపోరాదని, వరుసలో 12 కుర్చీలకు మించకుండా దారి విడవాలని, ముందు నుంచి 10 వరుసలు కాగానే అడ్డంగా ఒక దారి ఉండాలని కూడా చెబుతుంది. ఈ దారులు మీటరున్నర, అంటే దాదాపు 5 అడుగులు ఉండాలి.

ఇప్పుడు మన షామియానాలో వెడల్పు చూద్దాం. 60 అడుగులలో ఎడమ పక్క 5, కుడి పక్క 5, నడుమ 5 అడుగుల దారి విడిచిపెడితే 45 అడుగులు మిగులుతాయి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీకి 2 అడుగులు పడుతుంది. ఎడమ వైపు 11, కుడి వైపు 11, మొత్తం వరుసకు 22 కుర్చీలు. పొడవులో వేదిక ముందు 8 అడుగులు ఖాళీ, అడ్డదారికి 5 అడుగులు, వెనుక 5 అడుగులు తీసివేస్తే 42 అడుగులు మిగులుతాయి. కుర్చీకి, మోకాళ్లకు కలిపి వరుసకు 3 అడుగులు చొప్పున 14 వరుసలు వస్తాయి. 14 వరుసలను 22తో గుణిస్తే 308 కుర్చీలు. ఇంటికి రెండు చొప్పున 330 కార్డులు అప్పుడే ఎక్కువైపోయాయి.

అంతటితో అయిపోలేదు. మొదటి వరుస 22 కుర్చీలు అతిథులకు, గ్రామ పెద్దలకు పోతాయి. మిగిలినవి 286. పిల్లల్లో సగం మంది ఆటపాటల్లో ఉంటారు, వాళ్లు తరగతి గదుల్లో ఉండి తమ వంతుకు వేదిక ఎక్కుతారు. మిగతా సగం 120 మందికి కూర్చునే చోటు కావాలి. వాళ్లను చూసుకోవడానికి 12 మంది పెద్దవాళ్లు కూడా కావాలి. ఆ 132 తీసివేస్తే మిగిలేవి 154 కుర్చీలు. ఇండ్లు 165. అంటే ఇంటికి రెండు కాదు, ఒకటి కూడా రాదు!

ఈ లెక్క వేయని బడిలో ఏమవుతుందో అందరికీ తెలిసిందే. 330 కార్డులు పంచుతారు, 500 మంది వస్తారు. తెచ్చిన కుర్చీలు చాలక పక్కనున్న పెళ్లివారి ఇంటి నుంచి మరో 100 కుర్చీలు వస్తాయి. వాటిని వేయడానికి ఖాళీగా కనిపించేది దారి ఒక్కటే గనుక దారిలోనే వేస్తారు. వెనుక కుర్రవాళ్లు కుర్చీల మీద నిలబడతారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. కాని ఆ సమయంలో ఒక తీగ మెరిస్తే బయటికి పోయే దారి ఉండదు.

రెండు రోజులుగా పంచితే

దీనికి విరుగుడు కొత్త షామియానా కాదు. పండుగను రెండు సాయంత్రాలుగా పంచడం. షామియానా, మైకు, కుర్చీలు ఎలాగూ వచ్చి ఉంటాయి గనుక రెండో రోజుకు అద్దె కొంత పెరుగుతుందే తప్ప రెట్టింపు ఖర్చు కాదు. హుజూర్‌నగర్ నుంచో, కోదాడ, మిర్యాలగూడల నుంచో సామాను తెప్పించుకొనే బడికి రానుపోను బండి కిరాయి ఒక్కసారే.

మొదటి రోజు ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 115 మంది పిల్లలు, వారి ఇండ్లు 90. రెండో రోజు ఆరు నుంచి పది వరకు 125 మంది, వారి ఇండ్లు 95. రెండు చోట్లా పిల్లలున్న ఇండ్లు 20 ఉంటే మొత్తం 165 ఇండ్లే అవుతాయి. ప్రతి రోజూ ఆడనివాళ్లు 60 మంది ఉంటారనుకొంటే, వారితో పాటు ఆరుగురు పెద్దవాళ్లు కలిసి 66 మంది. సరిగ్గా మూడు వరుసలు. పొట్టివాళ్లు గనుక రెండు, మూడు, నాలుగు వరుసలు వాళ్లకే ఇవ్వాలి. ఐదో వరుస నుంచి పద్నాలుగో వరుస దాకా 220 కుర్చీలు తల్లిదండ్రులవి.

మొదటి రోజు 90 ఇండ్లకు రెండు చొప్పున 180 పోగా 40 కుర్చీలు మిగులుతాయి. రెండో రోజు 95 ఇండ్లకు 190 పోగా 30 మిగులుతాయి. ఆ మిగిలినవి నాయనమ్మలకు, తాతలకు, మేనమామలకు అడిగిన వరుసలో ఇవ్వవచ్చు. ఒక్క రోజులో ఇంటికి ఒక్క కుర్చీ కూడా దొరకని చోట ఇప్పుడు ఇంటికి రెండు వచ్చి, పైన ముసలివాళ్లకు కూడా చోటు దొరికింది.

రెండు రోజులు కుదరని బడి ఒక్క రోజే చేయదలిస్తే ఇంటికి ఒక్క కార్డు కూడా చాలదని ముందే తెలుసుకోవాలి. అప్పుడు ఆడని పిల్లల్లో పెద్ద తరగతుల వారిని స్వచ్ఛంద సేవకులుగా దారుల దగ్గర, నీళ్ల దగ్గర నిలబెట్టి, వాళ్ల కుర్చీలు తల్లిదండ్రులకు ఇవ్వవలసి ఉంటుంది. కుర్చీలు పెంచడం మాత్రం మార్గం కాదు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి

కొన్ని బడులు పట్నపు పద్ధతిలో ప్రతి కుర్చీకీ నంబరు వేస్తాయి. పల్లెలో అది నిలవదు. ఒకరు కుర్చీ జరిపితే వరుస అంతా తారుమారవుతుంది. కుర్చీకి కాకుండా వరుసకు, పక్కకు మాత్రమే గుర్తు పెడితే చాలు. ఎడమ పక్కకు పసుపు కార్డు, కుడి పక్కకు పచ్చ కార్డు. అదే రంగు కాగితం ఆ పక్క గుంజలకు కడితే చదువు రాని ముసలమ్మ కూడా తన చోటు తానే చూసుకొంటుంది. కార్డు మీద వరుస అంకె పెద్దదిగా ఉండాలి.

ఒక పక్క వరుసలో 11 కుర్చీలు కదా. ఇంటికి రెండు చొప్పున ఐదు ఇండ్లు కూర్చుంటే ఒక కుర్చీ మిగులుతుంది. ఆ ఒంటరి కుర్చీని ఆ ఐదు ఇండ్లలో మూడో కార్డు అడిగిన వారికే ఇస్తే ముసలావిడ తన కొడుకు, కోడలి పక్కనే కూర్చుంటుంది. కల్మలచెరువు నుంచో, పొనుగోడు నుంచో ఆటోలో కలిసి వచ్చేవారిని ఒకే వరుసలో వేస్తే తిరుగు ప్రయాణంలో వెతుక్కోవడమూ తప్పుతుంది.

కుర్చీలను నాలుగేసి చొప్పున కాళ్ల దగ్గర కలిపి కట్టడం మంచిది. నేలకు కట్టరాదు. ఇలా కడితే ఎవరూ ఒక్క కుర్చీని లాగి దారిలో వేయలేరు, తొక్కిసలాటలో కుర్చీలు పడి కాళ్లకు అడ్డం రావు. పదకొండులో నాలుగు, నాలుగు, మూడు కట్లు వస్తాయి. దారుల అంచున ముగ్గుతో గీతలు గీస్తే సేవకులకు కాపలా తేలిక.

జంపఖానాలు పరచి కింద కూర్చోబెట్టే బడులు కూడా ఉన్నాయి. అక్కడ కుర్చీ లేదు గనుక లెక్క లేదనుకోరాదు. ముగ్గుతో గళ్లు గీసి, గడికి ఇంతమంది అని కార్డు ఇవ్వాలి. కింద కూర్చున్నవారు లేవడానికి కుర్చీలో ఉన్నవారికంటే ఎక్కువ సమయం పడుతుంది గనుక దారులు ఇంకా వెడల్పుగా ఉండాలి.

కార్డు మీద రాయవలసింది

చాలా బడుల కార్డుల మీద ముఖ్య అతిథి పేరు, ఆయన బిరుదులు, ఆహ్వాన సంఘం వారి పేర్లతో మూడు వంతులు నిండిపోతుంది. చూడవచ్చేవాడికి కావలసిన మాటలు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదా అసలు ఉండవు. తేదీ ఉంటుంది, వారం ఉండదు. ఆరు గంటలకు అని ఉంటుంది, గేటు ఎప్పుడు తెరుస్తారో ఉండదు. ఇద్దరికా, ఇల్లంతటికీనా అన్నది చదివేవాడు తనకు అనుకూలంగా అర్థం చేసుకొంటాడు. మన ఉదాహరణ బడికి కార్డు ఇట్లా ఉంటే సరిపోతుంది.

పాఠశాల వార్షికోత్సవం – మొదటి రోజు (1 నుంచి 5వ తరగతి వరకు).
తేదీ: 2027 ఫిబ్రవరి 13, శనివారం.
గేటు తెరుచు వేళ సాయంత్రం 5 గంటలు. కార్యక్రమం 6 నుంచి 8-30 వరకు.
ఈ కార్డుకు ఒక్కరికే ప్రవేశం. ఒడిలో బిడ్డకు కార్డు అక్కరలేదు, కార్డు తీసుకొన్నప్పుడే చెప్పి రాయించవలెను.
పసుపు కార్డు – ఎడమ పక్క – వరుస 7.
6-15 తరువాత ఖాళీ కుర్చీలు గేటు వద్ద వరుసలో ఉన్నవారికి ఇవ్వబడును.
దారిలో కుర్చీ వేయరాదు, నిలబడరాదు.
కార్యక్రమం అయ్యాక పిల్లలను వారి తరగతి గదిలో ఈ కార్డు సగం ముక్క చూపి తీసుకొని వెళ్లవలెను.
కార్డు నంబరు, బడి ముద్ర, పొట్టి సంతకం.

ఇందులో చివరి మాటలను చాలామంది పట్టించుకోరు. కార్యక్రమం ముగియగానే తల్లులందరూ ఒక్కసారిగా వేదిక వైపు, పిల్లలందరూ తల్లుల వైపు పరుగెత్తడం వల్ల అన్నింటికంటే పెద్ద తోపులాట అప్పుడే జరుగుతుంది. వేషాలు వేసిన పిల్లలను వేదిక దగ్గర కాక తరగతి గదిలో అప్పగిస్తే జనం రెండుగా చీలిపోతారు. సగం ముక్క చూపిన పెద్దవారికే బిడ్డను ఇస్తారు గనుక చీకట్లో బిడ్డ ఎవరి వెంట పోయిందో తెలియని అవస్థ ఉండదు.

కార్డులు పంచే తీరు

కార్డులను పిల్లల చేతికి ఇచ్చి పంపడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే చెడ్డ పద్ధతి. సగం పుస్తకాల్లో నలిగిపోతాయి, కొన్ని దారిలో పోతాయి, కొన్ని స్నేహితులకు పోతాయి. పోయిందంటే ఇంకొకటి ఇస్తారు, అప్పుడు ఒకే కుర్చీకి రెండు కార్డులు తిరుగుతాయి.

తల్లి గాని, తండ్రి గాని, ఇంట్లో పెద్దవారు ఎవరైనా గాని బడికి వచ్చి రిజిస్టరులో సంతకమో, వేలిముద్రో వేసి తీసుకోవాలి. మన ఉదాహరణలో పండుగ 13వ తేదీ శనివారం గనుక 8వ తేదీ సోమవారం నుంచి 10వ తేదీ బుధవారం వరకు మూడు రోజులు పంచవచ్చు. వేళ మాత్రం ఊరి వేళ కావాలి. పది నుంచి నాలుగు వరకు అంటే కూలికి పోయే తల్లి రాలేదు. పొద్దున 7-30 నుంచి 8-30 వరకు, సాయంత్రం 4-30 నుంచి 6 వరకు బల్ల వేస్తే పొలం పోయేవారికీ, వచ్చేవారికీ వీలవుతుంది. గడ్డిపల్లి, కీతవారిగూడెం వంటి పక్క ఊళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న బడి అయితే ఒక ఉపాధ్యాయుడు రిజిస్టరు తీసుకొని ఒక సాయంత్రం ఆ ఊరికే పోవడం మేలు.

రిజిస్టరులో ఇంటి పేరు, పిల్లల పేర్లు, తరగతి, కార్డు నంబర్లు, ఒడిలో బిడ్డ ఉంటే ఆ మాట, మూడో కార్డు కావాలా అన్నది రాయాలి. మూడో కార్డు అడిగినవారి పేర్లు అడిగిన వరుసలోనే ఉండాలి. 11వ తేదీ గురువారం మిగిలిన కార్డులను అదే వరుసలో ఇచ్చివేయాలి. ఎవరికి ఇచ్చారో నోటీసు బోర్డు మీద పెడితే పెద్దల సిఫారసు మాట తగ్గుతుంది.

జిరాక్సు కార్డులు ఇప్పుడు కొత్త తలనొప్పి. నల్ల అచ్చు కార్డును ఎవరైనా జిరాక్సు తీయగలరు. రంగు కాగితం మీద బడి ముద్ర వేరే రంగు సిరాలో వేసి, నంబరు చేతితో రాస్తే నకలు ఇట్టే తెలిసిపోతుంది. గేటు దగ్గర నంబర్ల పట్టిక ఒకటి పెట్టుకొని వచ్చిన నంబరు కొట్టివేస్తూ పోతే ఒకే నంబరు రెండోసారి వచ్చినప్పుడు దొరుకుతుంది.

గేటు దగ్గర

ప్రవేశం ఆపడం వేరు, తాళం వేయడం వేరు. 6-15 తరువాత వరుసలో ఉన్నవారిని లెక్క చూసి పంపవచ్చు, లెక్క నిండితే ఆపవచ్చు. గేటుకు గొలుసు, తాళం మాత్రం పెట్టరాదు. పక్క గేటు, వెనుక గేటు కూడా తెరిచే ఉండాలి. ఆ గేట్ల దగ్గర మోటారు సైకిళ్లు పెట్టనీయరాదు. తాళం చెవి ఫలానావారి దగ్గర ఉంది అన్న మాట రాకుండా ఆ రోజుకు తాళాలే తీసి ఆఫీసులో పెట్టడం మేలు.

కార్డును రెండుగా చించి ఒక సగం డబ్బాలో వేసి, రెండో సగం వచ్చినవారికి ఇవ్వాలి. పసుపుకు ఒక డబ్బా, పచ్చకు ఒక డబ్బా. పావుగంటకు ఒకసారి ముక్కలు లెక్కబెడితే ఏ పక్క ఎన్ని కుర్చీలు నిండాయో లోపలికి చూడకుండానే తెలుస్తుంది. మొదటి రోజు పసుపు పక్క 110, పచ్చ పక్క 110 దాటితే ఎక్కడో నకలు ఉన్నట్లే.

కార్డు లేకుండా వచ్చిన బంధువులతోనే గేటు దగ్గర మాట పెరుగుతుంది. దూరం నుంచి వచ్చిన ముసలాయనను వట్టి చేతులతో వెనక్కు పంపడం మన మర్యాద కాదు. ‘పెద్దయ్యా, లోపల కుర్చీ లేదు, ఇక్కడ కూర్చోండి’ అని చెప్పడానికి ‘ఇక్కడ’ అన్న చోటు ముందే ఉండాలి. గేటు బయట పది కుర్చీలు, ఒక మైకు డబ్బా, తాగే నీళ్లు పెడితే ఆరున్నరకు ఖాళీ కుర్చీలు దొరికేదాకా వారు అక్కడ కూర్చుంటారు. ముందు రోజు, 12వ తేదీ మధ్యాహ్నం 2 గంటలకు జరిగే రిహార్సలుకు కార్డు దొరకనివారిని పిలిస్తే ఇంకా మంచిది. పిల్లలు అవే వేషాలతో, అవే పాటలతో ఆడతారు. అప్పుడూ 308కి మించి కూర్చోబెట్టరాదు.

నాయకుల వెంట వచ్చేవారి సంగతి మరొకటి. ముఖ్య అతిథి ఒక్కరే వస్తారనుకొంటే వెంట ముప్పై మంది వస్తారు. వాళ్లను ఆపడం గేటు దగ్గర నిలబడ్డ డ్రిల్లు మాస్టారి వల్ల కాదు. అతిథిని పిలవడానికి వెళ్లినప్పుడే ఇన్ని కార్డులు మాత్రమే ఉన్నవని చెప్పి, ఆ కార్డులు చేతికే ఇచ్చి రావాలి. మొదటి వరుస నిండితే రెండో వరుస పిల్లలది, వాళ్లను లేపరాదు.

మొదలు కాకముందు చూడవలసినవి

షామియానా వేసేటప్పుడే దాని గుడ్డ నుంచి ఒక పోగు తీసి, దూరంగా తీసుకుపోయి అగ్గిపుల్లతో వెలిగిస్తే రకం తెలిసిపోతుంది. నూలు పోగు కాలి బూడిద అవుతుంది. కృత్రిమ పోగు ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. డబ్‌వాలీలో జనం మీద కురిసింది ఇదే. పూస మిగిలిందంటే ఆ గుడ్డ పనికిరాదు, పైకప్పు లేకుండా ఆకాశం కిందనే పండుగ చేయడం మేలు. ఫిబ్రవరి సాయంత్రం ఎండ ఉండదు, వాన అరుదు.

జనరేటరు, వంట పొయ్యి పందిరికి ఎడంగా ఉండాలి. అతుకుల తీగలు గుడ్డకు తగలరాదు. పోలీసులకు, అగ్నిమాపక శాఖకు ముందే తెలియజేయాలి. ఆపద వస్తే 101కి ఫోను చేస్తే బండి వస్తుంది. అయితే ఆ బండి పట్నం నుంచి రావాలి. డబ్‌వాలీలో అంతా నిమిషాల్లోనే ముగిసిపోయింది. బండి వచ్చేలోపు ప్రాణం కాపాడేది ఖాళీగా ఉన్న 5 అడుగుల దారి ఒక్కటే.

అందుకని 5-45కు ఒక ఉపాధ్యాయుడు నడుమ దారి చివర నిలబడి వేదిక అడుగు వైపు చూడాలి. వేదిక అడుగు నేల కనబడితే దారి బాగున్నట్లు. మధ్యలో ఒక కుర్చీ, ఒక సంచి, ఒక మనిషి కనబడినా తీయించిన తరువాతే తెర ఎత్తాలి. అదే పరీక్ష ఎడమ దారికి, కుడి దారికి, అడ్డదారికి కూడా చేయాలి. ఏడు గంటలకు మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే అప్పటికి ఆలస్యంగా వచ్చినవారు దారుల్లోకి చేరి ఉంటారు.

తల్లిదండ్రులు చూసుకోవలసినది కూడా ఒకటి ఉంది. కార్డు చేతికి వచ్చినప్పుడు మీద వరుస అంకె, పక్క, గేటు వేళ, ఎంతమందికి అన్నది ఉందో లేదో చూడాలి. అవి లేకపోతే బల్ల దగ్గరే అడగాలి. ఎన్ని కుర్చీలు, ఎన్ని కార్డులు అని రెండు అంకెలు అడిగితే చాలు. ఆ రెండూ ఒకటే అయితే పిల్లలను ముస్తాబు చేసి నిశ్చింతగా పోవచ్చు.